మొటిమల మందులు ఎలా రాసుకోవాలి, మధ్యలో మానేస్తే ఏం చేయాలి

మీకు రాసిచ్చినవి రెండు జెల్‌లు: పొద్దున బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5 శాతం, రాత్రి అడాపలీన్ 0.1 శాతం. వీటికి తోడు సువాసన లేని మాయిశ్చరైజర్, ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్.

పొద్దున: మైల్డ్ క్లెన్సర్‌తో ముఖం కడిగి, రుద్దకుండా అద్దుకోండి. బెంజాయిల్ పెరాక్సైడ్ పలుచగా రాసి, ఆరాక మాయిశ్చరైజర్, అన్నిటికంటే చివర సన్‌స్క్రీన్. ముఖానికీ మెడకూ కలిపి సన్‌స్క్రీన్ రెండు వేళ్ల పొడవునా పిండుకోవాలి. ఈ జెల్ తగిలితే రంగు బట్టలు వెలిసిపోతాయి కాబట్టి తెల్ల తువ్వాలు వాడండి.

రాత్రి: కడిగాక 20 నిమిషాలు ఆగండి. తడి చర్మం మీద అడాపలీన్ రాస్తే మంట ఎక్కువవుతుంది. ముఖం మొత్తానికి బఠాణీ గింజంత చాలు. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలుచగా పరచండి. మొటిమ ఉన్నచోట మాత్రమే అద్దకండి, కొత్తవి రాకుండా ఆపడం కూడా దీని పనే. కళ్ల చుట్టూ, ముక్కు పక్క మడతల్లో, పెదవుల మూలల్లో వద్దు. పది నిమిషాలయ్యాక మాయిశ్చరైజర్.

మొదటి రెండు వారాలు రాత్రి విడిచి రాత్రి మాత్రమే అడాపలీన్ రాయండి. చర్మం ఓర్చుకుంటే తర్వాత రోజూ. పొట్టు లేచి చురుక్కుమంటుంటే వరస మార్చండి: ముందు మాయిశ్చరైజర్, పది నిమిషాలాగి అడాపలీన్, పైన మళ్లీ పలుచగా మాయిశ్చరైజర్. మందు కాస్త నెమ్మదిగా పనిచేసినా ఫరవాలేదు, మంటకు భయపడి అసలే మానేయడం కంటే అదే మేలు. తొలి వారాల్లో మొటిమలు కాస్త ఎక్కువ కనిపించవచ్చు. తేడా తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, చాలామంది ఆలోపే ట్యూబు పక్కన పడేస్తారు.

మర్చిపోతే: ఒక రాత్రి తప్పితే వదిలేయండి. మర్నాడు రెట్టింపు రాయకండి, దానివల్ల గుణం పెరగదు, చర్మం ఎర్రబడుతుందంతే. రాత్రి మర్చిపోయిన అడాపలీన్‌ను పొద్దున రాయవద్దు. రెండు మూడు రోజులు తప్పినా ఎక్కడ ఆపారో అక్కడి నుంచే కొనసాగించండి. వారం దాటితే మాత్రం చర్మానికి ఆ అలవాటు తగ్గి ఉంటుంది: మళ్లీ ఒక వారం పాటు రాత్రి విడిచి రాత్రి రాసి, తర్వాత రోజువారీకి రండి. మందు ఆపిన రోజుల్లోనూ మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ ఆపకండి.

ఈ మందులు వాడుతున్నప్పుడు ముఖానికి వ్యాక్సింగ్, స్క్రబ్ వద్దు. చర్మం లేచొచ్చేస్తుంది.

ముఖం లేదా కనురెప్పలు వాచినా, బొబ్బలు వచ్చినా రెండు జెల్‌లూ ఆపేసి వెంటనే క్లినిక్‌కు ఫోన్ చేయండి. ఊపిరి ఆడకపోతే క్లినిక్ కోసం ఆగకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. గర్భం నిలిచినా, అందుకు ప్రయత్నిస్తున్నా అడాపలీన్ ఆపి మాకు చెప్పండి.