రెజ్యూమేలో పైన ఉండాల్సింది అడుగున ఉంటే

అనంతపురంలో ఈ ఏడాది ఇంజినీరింగ్ ముగించిన ఒక విద్యార్థి రెజ్యూమే నిన్న నా చేతికి వచ్చింది. మొదటి సగం పేజీని తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, ‘మంచి సంస్థలో ఎదగడమే నా లక్ష్యం’ అన్న అరిగిపోయిన వాక్యం ఆక్రమించగా, వేరుశనగ తెగుళ్ల మీద ఆయన చేసిన పని మాత్రం రెండో పేజీ అడుగున ‘పైథాన్ ప్రాజెక్టు’ అన్న రెండు ముక్కలతో ముగిసింది. పైదంతా కొట్టేసి, ‘1,200 ఆకుల ఫోటోలు సేకరించి, టిక్కా తెగులును గుర్తించే ప్రోగ్రాం పైథాన్‌లో రాశాను’ అని మొదటే రాయించాను. ఫ్రెషర్‌కు ఒక్క పేజీ చాలు. ఫైలుకు resume_final2 అని కాక మీ పేరే పెట్టి, పీడీఎఫ్‌గా పంపండి. ఇంటర్ రోజుల్లో సరదాగా పెట్టుకున్న ఈమెయిల్ ఐడీని మార్చండి. రాని జావాను వచ్చని రాస్తే, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది.