విశాఖ డెస్క్ స్టైల్ షీట్: సవరించిన ప్రతి

విశాఖపట్నం, అనకాపల్లి, పాడేరు పేజీలు చూసే సబ్‌ఎడిటర్లకు, రిపోర్టర్లకు, మండల కంట్రిబ్యూటర్లకు. 2025 జూన్ 2, సోమవారం పేజీల నుంచి అమలు. గోడకు అంటించిన పాత కాగితం తీసేశాం, ఇక దాన్ని చూపించి వాదించొద్దు.

మొన్న ఒకేరోజు మూడు పేజీల్లో రుషికొండ, ఋషికొండ, రిషికొండ వచ్చాయి. పాఠకుడికి ఒక కొండ బదులు మూడు కనిపించాయి. ఏది ఒప్పు అనే చర్చ మనలో మనం ఎంతసేపైనా చేసుకోవచ్చు గానీ పేజీలో మాత్రం ఒకటే ఉండాలి. కింద రాసినవి వ్యాకరణ తీర్పులు కావు, ఈ డెస్క్ నిర్ణయాలు.

అంకెలు

ఒకటి నుంచి తొమ్మిది వరకు అక్షరాల్లో, 10 నుంచి అంకెల్లో. వయసు, డబ్బు, దూరం, బరువు, సమయం, శాతం, తేదీ, వార్డు నంబరు మాత్రం ఎప్పుడూ అంకెలే. ‘5 కి.మీ.’, ‘7 ఏళ్ల బాలుడు’, ‘4వ వార్డు’. మిగతా చోట్ల నాలుగో, తొమ్మిదో అని రాసి, పది దాటాక 11వ, 25వ అనండి. వాక్యం అంకెతో మొదలు కాకుండా చూసుకోండి. తప్పకపోతే వాక్యాన్నే తిప్పి రాయండి.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఇద్దరు, ముగ్గురు, నలుగురు, ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఆ పైన ‘మంది’. ‘3గురు’, ‘2 మంది’ కనిపిస్తే కాపీ వెనక్కి వస్తుంది. మేకలకు, బోట్లకు ‘మంది’ రాదు. నవ్వకండి, వచ్చింది.

డబ్బు: రూ.5 లక్షలు, రూ.1.25 కోట్లు. ‘రూ.5 లక్షల రూపాయలు’ అంటే రూపాయి రెండుసార్లు. హెడ్డింగ్‌లో కోటిన్నర, రెండున్నర లక్షలు బాగానే ఉంటాయి, లోపల రూ.1.50 కోట్లు అని ఇవ్వండి. పూర్తి అంకె అవసరమైన చోట కామాలు మన పద్ధతిలోనే: 12,34,567.

మిలియన్, బిలియన్ మన పేజీల్లో ఉండవు. స్టీల్‌ప్లాంట్ సామర్థ్యం ప్రెస్‌నోట్‌లో 7.3 మిలియన్ టన్నులని ఉంటే మనం ఏడాదికి 73 లక్షల టన్నులని రాస్తాం. మిలియన్ 10 లక్షలు, బిలియన్ 100 కోట్లు. ఇది రాత్రి 11 గంటలకు మర్చిపోయే లెక్క, అందుకే ఇక్కడ రాశాం. హెక్టార్లను ఎకరాల్లోకి మార్చండి (హెక్టారు సుమారు 2.47 ఎకరాలు). ఇళ్ల స్థలాలకు నగరంలో గజాలు, పల్లెల్లో సెంట్లు. సెంటు 48.4 చదరపు గజాలు. మత్స్యకారుల వార్తలో నాటికల్ మైళ్లు వస్తే అలాగే ఉంచి, పక్కన కిలోమీటర్లు ఇవ్వండి. ఒక నాటికల్ మైలు 1.85 కి.మీ.

జనసంఖ్యకు ఎవరి లెక్కో చెప్పాలి. సింహాచలం గిరి ప్రదక్షిణకు ‘లక్షల్లో భక్తులు’ అని మనంతట మనం రాయొద్దు. దేవస్థానం అంచనా అయితే దేవస్థానం అంచనా అనీ, పోలీసులదైతే పోలీసులదనీ రాయాలి. రెండూ కలవకపోతే రెండూ ఇవ్వండి.

తేదీలు, సమయం

పేజీ వార్తలో వారం పేరు చాలు: ‘సోమవారం’. వెబ్‌కు వెళ్లే కాపీలో వారంతో పాటు తేదీ కూడా, ఎందుకంటే ఆరు నెలల తర్వాత చదివేవాడికి ఏ సోమవారమో తెలియదు. ‘నేడు’, ‘రేపు’ ఈనాటి కార్యక్రమాల కాలమ్‌లో తప్ప వద్దు. సంవత్సరం అవసరమైతే ముందు సంవత్సరం, తర్వాత నెల, రోజు: 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను, 2020 మే 7న ఆర్.ఆర్.వెంకటాపురంలో గ్యాస్ లీకేజీ. నెలల్లో జులై, ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు, డిసెంబరు. జూలై, ఆగష్టు వద్దు.

అసలు తంటా అర్ధరాత్రితో. ‘బుధవారం అర్ధరాత్రి 1.30 గంటలకు ప్రమాదం’ అని కాపీ వస్తుంది. అది మంగళవారం పడుకుని లేచాక వచ్చిన బుధవారమా, బుధవారం రాత్రి పడుకున్నాక వచ్చిన గురువారమా? ఎఫ్‌ఐఆర్‌లో గురువారం తేదీ ఉంటుంది, మన పేజీలో బుధవారం ఉంటుంది, మర్నాడు ఫాలోఅప్ రాసేవాడు రెండు ప్రమాదాలనుకుంటాడు. ఇక నుంచి రాత్రి 12 దాటితే ‘బుధవారం రాత్రి (తెల్లవారితే గురువారం) 1.30 గంటలకు’. ఇంట్లో మనం మాట్లాడుకునే మాటే ఇది, ఏ సందేహమూ మిగలదు. 3 గంటల నుంచి ‘గురువారం తెల్లవారుజామున’ అనొచ్చు.

‘నుంచి... వరకు’ అంటే రెండు చివరలూ కలుపుకొనే. చేపల వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు, లెక్కపెట్టి చూసుకోండి. బోట్లు సముద్రంలోకి వెళ్లేది 15న.

పండగలకు తిథి రాస్తే ఆంగ్ల తేదీ కూడా ఇవ్వండి. చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియ అంటే సరిపోదు, సెలవు పెట్టుకోవాల్సినవాడు తేదీ వెతుక్కుంటాడు. కోట్‌లో ఎవరైనా ‘లక్ష్మివారం’ అంటే అలాగే ఉంచండి. మన వాక్యంలో గురువారం.

హోదాలు, మర్యాద

మొదటి ప్రస్తావనలో హోదా, పూర్తి పేరు. తర్వాత ఇంటిపేరు కాకుండా వాడుక పేరు, లేదా హోదా మాత్రమే. ‘శ్రీ’, ‘శ్రీమతి’, ‘గారు’, ‘గౌరవనీయ’ లేవు. డాక్టర్ వైద్యులకు, పీహెచ్‌డీ ఉన్నవారికి, ఒక్కసారే. గౌరవ డాక్టరేట్‌కు రాదు, ఎంత పెద్దమనిషి ఫోన్ చేసినా రాదు.

‘కమిషనర్’ ఒక్కటే రాస్తే ఈ ఊళ్లో ఎవరో తెలియదు. జీవీఎంసీ కమిషనర్, పోలీస్ కమిషనర్, ఇద్దరున్నారు. రెండో ప్రస్తావనలో పోలీస్ కమిషనర్‌కు ‘సీపీ’ వాడొచ్చు. అనకాపల్లి, పాడేరు వార్తల్లో ఎస్పీలుంటారు. విశాఖ నగరం వార్తలో పొరపాటున ఎస్పీ అని రాస్తే మర్నాడు మనకు క్లాసే. తహసీల్దార్ (‘శ’ కాదు), ఎంపీడీవో, వీఆర్వో, ఎస్సై, సీఐ.

ఇప్పుడు క్రియల సంగతి. దీని మీద గట్టిగానే వాదించుకున్నాం.

గత వేసవిలో హైవే మీద ఒక ప్రమాదంలో ఇద్దరు పోయారు. ఒకరు ఇంజినీరు, మరొకరు లారీ క్లీనర్. మన వార్త ఒకే పేరాలో ఇంజినీరు ‘మృతి చెందారు’ అనీ, క్లీనర్ ‘చనిపోయాడు’ అనీ రాసింది. మూడో రోజు క్లీనర్ కూతురు ఫోన్ చేసింది. తిట్టలేదు. ‘మా నాన్నకు డు పెట్టారు, ఆ సారుకు రు పెట్టారు, ఎందుకండీ?’ అని అడిగింది. డెస్క్‌లో ఫోన్ ఎత్తినవాడి దగ్గర జవాబు లేదు. ఎందుకంటే రాసినవాడు ఆలోచించి రాయలేదు, చెయ్యి అలా అలవాటు పడింది.

కాబట్టి 18 ఏళ్లు నిండిన అందరికీ ‘రు’. కూలీ, రిక్షా తొక్కేవారు, ఇంటి పనికొచ్చే ఆవిడ, ఎమ్మెల్యే, అందరూ ‘అన్నారు, వెళ్లారు, మృతి చెందారు’. ‘ఆమె చెప్పింది’ కాదు, ‘ఆమె చెప్పారు’. ‘కన్నుమూశారు’ సహజ మరణానికి ఎవరికైనా. ‘అస్తమయం’, ‘పరమపదించారు’ మన మాటలు కావు, ప్రకటనల్లో వస్తే వస్తాయి. ‘దుర్మరణం’ హెడ్డింగ్‌లో మాత్రమే. పిల్లలకు ‘చెప్పాడు, చెప్పింది’ అనే ఉంచండి, ఏడేళ్ల పిల్లకు ‘రు’ పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

నిందితుల దగ్గర ‘దొంగగారు వచ్చారని రాయాలా’ అని ఒక సీనియర్ అడిగారు. పేరు తెలిసిన నిందితుడికి నేరం రుజువయ్యేదాకా ‘రు’. పేరు, ముఖం తెలియని దుండగుడు ‘పరారయ్యాడు’ అంటే ఇబ్బందేం లేదు. ఆయన ఒప్పుకోలేదు, అయినా పాటిస్తానన్నారు. పోలీసులు చెప్పిన నేరానికి ‘ఆరోపణ’ తప్పనిసరి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరమైతే ఐపీసీ సెక్షన్, తర్వాతదైతే బీఎన్‌ఎస్. లైంగిక దాడి బాధితుల పేరే కాదు, వీధి, బడి, తండ్రి వృత్తి కూడా రాయొద్దు.

పేర్లు

ఇంటిపేరు ముందు: తెన్నేటి విశ్వనాథం, సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇనీషియల్ ఇస్తే చుక్క పెట్టి, ఖాళీ లేకుండా. ఆ మనిషి తన పేరు ఎలా రాసుకుంటారో అదే ఖాయం. వంశీయా, వంశియా అని రిపోర్టర్ అడిగి రావాలి. నౌకాదళం ప్రెస్‌నోట్‌లోని ఉత్తరాది పేర్లను ఇంగ్లిష్ అక్షరాలు చూసి ఊహించకండి, ఫోన్ చేసి పలికించుకోండి. పాడేరు వైపు పేర్లకు సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగ్ కంటే మనిషి చెప్పిందే నమ్మకం.

పొడి అక్షరాల్లో నోట్లో కలిసిపోయినవి కలిపే రాయండి: ఆర్టీసీ, ఎమ్మెల్యే, ఆర్కే బీచ్. కలవనివి విడిగా పలికేలా: వీఎంఆర్‌డీఏ, ఎన్‌ఏడీ కొత్తరోడ్డు. ఎంవీపీ కాలనీ అసలు పేరు మువ్వలవానిపాలెం. ఫీచర్లలో ఒకసారి చెబితే అందం, క్రైమ్ వార్తలో అక్కర్లేదు.

ఊళ్లు

డేట్‌లైన్‌లో, సంస్థల పేర్లలో విశాఖపట్నం. వార్తలో విశాఖ. వైజాగ్ కోట్‌లో, లేదా పేరులో భాగమైతేనే. వాల్తేరు పాత కథలకు. భీమునిపట్నం మొదట, తర్వాత భీమిలి. రుషికొండ, మధురవాడ, కంచరపాలెం, మద్దిలపాలెం, పెదగంట్యాడ, తగరపువలస, పూర్ణామార్కెట్. జగదాంబ జంక్షన్‌ను ‘కూడలి’ చేయకండి, ఆటోవాడికి అర్థం కాదు.

2022 ఏప్రిల్ 4 తర్వాత మూడు జిల్లాలు. అంతకుముందు సంగతైతే ‘ఉమ్మడి విశాఖ జిల్లా’. పరవాడ, అచ్యుతాపురం ఇప్పుడు అనకాపల్లి జిల్లా. కానీ అనకాపల్లి పట్టణం జీవీఎంసీలో ఉంది. జీవీఎంసీ 98 వార్డులు, విశాఖ జిల్లా, ఈ రెండూ ఒకటి కాదు. ‘మన్యం’ అని ఒంటరిగా రాయొద్దు, పార్వతీపురం మన్యం పేరుతో వేరే జిల్లా ఉంది. పాడేరు ఏజెన్సీ అనండి, జిల్లా అయితే పూర్తిగా అల్లూరి సీతారామరాజు జిల్లా అని.

వర్ణక్రమం

విద్యార్థి, అభ్యర్థి, ప్రార్థన: వత్తు ‘థ’. అర్థం అంటే మీనింగ్, అర్ధం అంటే సగం, అర్ధరాత్రి అక్కడి నుంచే. బాధితులు, నిషేధం, అధ్యక్షుడు, శస్త్రచికిత్స. తుపాను (తుఫాన్ కాదు). పొల్లు హల్లుతో ముగిసే మాటకు విభక్తి తగిలితే విడదీయండి: స్టేషన్‌లో, కలెక్టర్‌కు. ‘స్టేషన్లో’ వద్దు.

మన జిల్లాల మాటను కోట్‌లో దిద్దకండి, ‘ఏటి బాబూ’ అన్న చోట ‘ఏమిటి’ పెట్టకండి. అలాగని నవ్వించడానికి స్పెల్లింగ్ వంకర తిప్పకండి. ఒక జాగ్రత్త: మనకు గుంట అంటే పిల్ల, మిగతా జిల్లాల పాఠకుడికి గొయ్యి. ‘గుంట దొరికింది’ అని ఆ మధ్య హెడ్డింగ్ పెట్టారు. తప్పిపోయిన పాప ఇల్లు చేరిన వార్త అది.

ఇందులో లేని సందేహం వస్తే రాత్రి 9.30 లోపు డెస్క్ ఇన్‌ఛార్జిని అడగండి, తేల్చింది అదే రాత్రి గ్రూపులో పెడతాం. 9.30 దాటితే ఆ రోజుకు మీరు రాసిందే వెళ్తుంది, మర్నాడు మీటింగ్‌లో మాట్లాడుకుందాం.