పెంపుడు జంతువులతో వచ్చే అతిథులకు మా రిసార్ట్ నియమాలు

ఇంట్లో మనిషిలా పెంచుకున్న కుక్కనో పిల్లినో ఎవరికో అప్పజెప్పి రావడం ఎంత కష్టమో మాకు తెలుసు. అందుకే తీసుకురమ్మంటున్నాం. మా రిసార్ట్ నర్సంపేట దాటాక పాకాల రోడ్డు మీద ఉంది. ఒకవైపు ఊరు, మేకల మందలు, ఇంకోవైపు అభయారణ్యం అడవి. ఇక్కడి జీవాలకు, మీ జంతువుకు ఏ హానీ జరగకూడదని ఈ నియమాలు పెట్టుకున్నాం. గది బుక్ చేసే ముందు పూర్తిగా చదవండి.

ఏవి తేవచ్చు, ఎక్కడ ఉంచాలి

కుక్కలు, పిల్లులకు మాత్రమే అనుమతి. ఒక కాటేజీకి రెండింటికి మించి వద్దు. వేపచెట్ల వరుసలోని 1 నుంచి 4 నంబరు కాటేజీలను వీటి కోసం కేటాయించాం. మిగతా గదుల్లోకి, కాసేపటికైనా సరే, తీసుకెళ్లకూడదు. జంతువుల వెంట్రుకలు పడని అతిథులు ఆ గదుల్లో దిగుతుంటారు. నాలుగు నెలలు నిండని కూనలను, ఎదలో ఉన్న కుక్కలను ఈసారికి ఇంటి దగ్గరే ఉంచండి.

రుసుము

పన్నులతో కలిపి రాత్రికి పిల్లికి ₹500, 10 కిలోల లోపు కుక్కకు ₹600, అంతకు మించిన బరువుంటే ₹900. ఈ డబ్బు గదిని రెండోసారి కడిగి, పరుపు కవర్లు మార్చి, పిడుదుల మందు కొట్టించడానికి పోతుంది. దీనికి అదనంగా కాటేజీకి ₹2,000 డిపాజిట్ కట్టాలి. మీరు వెళ్లేటప్పుడు మా మనిషి మీతో కలిసే గది చూస్తాడు. ఏమీ పాడవకపోతే అక్కడికక్కడే మొత్తం తిరిగి ఇస్తాం. కొరికిన కుర్చీ, చింపిన దోమతెర ఉంటే బాగుచేయించే ఖర్చు మాత్రం పట్టుకుని బిల్లు చూపిస్తాం. చూపులేని వారికి, వికలాంగులకు తోడుగా ఉండే శిక్షణ పొందిన కుక్కలకు రుసుము గానీ, డిపాజిట్ గానీ లేదు.

టీకాల రుజువు

ఈ ఒక్క విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని గానీ జంతువును గానీ కాపాడే మందు లేనట్టే. ఊరి పిల్లలు మా గేటు ముందునుంచే బడికి నడిచి వెళ్తారు. డిస్టెంపర్ కుక్కల నుంచి అడవి జంతువులకూ పాకుతుంది, పార్వో ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు ఇట్టే అంటుకుంటుంది.

రావడానికి రెండు రోజుల ముందే టీకా పుస్తకం ఫొటోలు వాట్సాప్‌లో పంపండి, వచ్చేటప్పుడు అసలు పుస్తకం వెంట తెండి. రేబిస్ టీకా వేయించి 21 రోజులు దాటి ఉండాలి, ఏడాది మించి ఉండకూడదు. కుక్కలకు డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ టీకాలు కూడా గడువులో ఉండాలి. టీకా సీసా మీది లేబుల్ అంటించి, పక్కన తేదీ, పశువైద్యుని సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న పేజీనే రుజువుగా తీసుకుంటాం. పెన్నుతో రాసిన తేదీ ఒక్కటే ఉంటే చెల్లదు. పుస్తకం మరిచి వస్తే మీకు గది ఇవ్వగలం, జంతువును మాత్రం లోపలికి పంపలేం. దూరం నుంచి వచ్చినవారికి ఈ మాట చెప్పడం మాకూ బాధే, కాబట్టి బయలుదేరే ముందు సంచిలో చూసుకోండి.

అనుమతి లేని చోట్లు

భోజనశాల, వంటగది, ఈతకొలను, పిల్లల ఆటస్థలం, కూరగాయల మడులు, కోళ్ల గూడు, వెనకాల చెరువుగట్టు. అడవి వైపు ఫెన్సింగ్ దాటి ఒక్క అడుగు కూడా వద్దు. అక్కడ నెమళ్లు నేల మీదే గుడ్లు పెడతాయి, కుక్క వాసన తగిలితే బెదిరి లేచిపోతాయి. బతుకమ్మ తొమ్మిది రోజులూ సాయంత్రం ఆరు నుంచి ముందరి పచ్చిక మీదికి తేవద్దు, ఊరి ఆడవాళ్లు అక్కడే ఆడతారు. రామప్పకో లక్నవరానికో వెళ్లేటప్పుడు జంతువును గదిలో ఒంటరిగా గానీ, కారులో గానీ వదిలి వెళ్లకూడదు. మన ఎండాకాలంలో అద్దాలు ఎక్కించిన కారు నిమిషాల్లోనే పొయ్యిలా మారుతుంది.

బయట తిప్పేటప్పుడు

గది దాటితే గొలుసు మీ చేతిలో ఉండాలి. మలం మీరే తీయాలి, సంచులు రిసెప్షన్‌లో ఉచితంగా ఇస్తాం. మార్చి నుంచి జూన్ దాకా పొద్దున ఎనిమిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాతే నడిపించండి. బండల మీద మీ అరచేయి వెనకభాగం ఆనించి చూడండి. ఏడు లెక్కపెట్టేదాకా ఉంచలేకపోతే దాని పాదాలూ కాలతాయి.

కరిచినా, గీరినా దాచకుండా వెంటనే రిసెప్షన్‌కు చెప్పండి. గాయాన్ని ధారగా పారే నీళ్లతో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగించి, నర్సంపేట ప్రభుత్వ ఆసుపత్రికి మా బండిలో పంపిస్తాం. ఆ చికిత్స ఖర్చు జంతువు యజమానిదే. మళ్లీ మళ్లీ మీద పడే జంతువును ఆ రోజే తీసుకెళ్లమంటాం, మిగిలిన రాత్రుల గది అద్దె తిరిగి ఇచ్చేస్తాం.