చిన్నా, పెళ్లి వీడియోలు టీవీలో ఎలా వెయ్యాలో చెప్పరా

ఒరేయ్ చిన్నా, తిన్నావా? ఇంత పొడుగు మెసేజ్ చూసి కంగారు పడకు, ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. తర్వాత చదువుదాంలే అని పక్కన మాత్రం పెట్టెయ్యకు. ఫోన్ చేసి అడిగితే "ఏం లేదత్తా, సింపుల్" అంటావు. నాలుగు ముక్కలు గబగబా చెప్పి పెట్టేస్తావు, నాకు ఒక్కటీ బుర్రకెక్కదు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

అమ్ములు పెళ్లి వీడియోలు నా ఫోన్లో ఉన్నాయి. వాటిని హాల్లో టీవీలో వెయ్యాలి. ఆదివారం లోపు.

మీ నానమ్మ కోసంరా. పెళ్లికి సరిగ్గా వారం ముందు బాత్రూంలో పడి తుంటి విరగ్గొట్టుకుంది కదా. ఊరంతా వచ్చి అక్షింతలు వేసి వెళ్లారు, ఆవిడ మాత్రం ఆస్పత్రి మంచం మీద పడుకుని "ముహూర్తం అయిందా, అయిందా" అని నర్సుల్ని అడుగుతూ కూర్చుంది. పెళ్లయి రెండు నెలలు దాటింది. ఇప్పుడు వాకర్ పట్టుకుని హాల్లోకి వస్తోంది, కుర్చీలో గంట కూర్చోగలుగుతోంది. వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే పాట: "మీ అన్నయ్య దాన్ని గంపలో మోసుకొచ్చాడట, నాకు చూపించవే."

ఫోన్లో చూపించాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తుంది. ఒక కంటికే కదా శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా ఉంది. గంప వచ్చేసరికి "ఇదుగో ఇదుగో" అని తెర మీద వేలు పెడుతుంది, వీడియో ఆగిపోతుంది. మళ్లీ నొక్కితే ఎక్కడో భోజనాల దగ్గరికి వెళ్లిపోతుంది. నిన్న అలా నాలుగుసార్లు మీ నాన్న బదులు వంటవాడు గుండిగ మోసుకొచ్చాడు. ఆవిడ ఫోన్ నా ఒళ్లో పడేసి "పోనీలే, నా రాత" అంది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆదివారం పాలకొల్లు నుంచి చిన్న నానమ్మలిద్దరూ చూడ్డానికి వస్తున్నారు. ముగ్గుర్నీ కుర్చీలేసి కూర్చోబెట్టి, టీవీలో పెళ్లంతా చూపిస్తానని మాట ఇచ్చేశా. ఇచ్చేముందు నిన్ను అడగాల్సింది, నిజమే.

ఇప్పుడు నా దగ్గర ఏమున్నాయో చెబుతా. ఫోను నువ్వు దసరాకి కొనిపెట్టినదే. టీవీ 43 అంగుళాలది, 2019 సంక్రాంతికి కొన్నది, యూట్యూబ్ వస్తుంది. వెనకాల అంటించిన స్టిక్కర్‌కి మీ మావయ్య టార్చి వేసి ఫొటో తీశారు, ఈ మెసేజ్ కిందే పంపుతున్నా. నంబర్లన్నీ అందులోనే ఉన్నాయి. ఫొటో కొంచెం వంకరగా ఉంటుంది, ఆయన్ని ఏమీ అనకు, నడుం వంచి తీశారు పాపం.

వీడియోగ్రాఫర్ ఇచ్చిన పెన్ డ్రైవ్ ఇక్కడ లేదు. అమ్ములు డాలస్ వెళ్తూ అత్తగారి వాళ్లకి చూపిస్తానని పట్టుకుపోయింది. వెళ్లేముందు అన్నీ నా ఫోన్లోకి ఎక్కించింది. పెద్ద వీడియోలు మూడు, ఒక్కోటి 6 జీబీ పైనే. ఐదు నిమిషాల హైలైట్స్ ఒకటి. ఇవి కాక మీరంతా వాట్సాప్‌లో పంపిన చిన్నవి ఒక నలభై దాకా ఉంటాయి. ఫోన్ రోజూ స్టోరేజ్ అయిపోయిందని మొత్తుకుంటోంది, అయినా ఒక్కటీ తీసెయ్యలేదు.

ముందు పెన్ డ్రైవ్ పద్ధతి చూశాం. ఎదురింటి డిగ్రీ కుర్రాడు ఫోన్‌కి తగిలించే చిన్న ముక్క ఒకటి, 32 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి తెచ్చాడు. వాట్సాప్ వీడియోలు, హైలైట్స్ ఎక్కాయి. పెద్దవి మూడూ ఎక్కనంటున్నాయి. 32లో 6 ఎందుకు పట్టదురా? ముప్పై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, నాకే అర్థం కాలేదు. ఆ అబ్బాయి ఏమన్నాడంటే, పెన్ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా, అది పాత పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉంటే ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదట. ఫార్మాట్ మారిస్తే సరిపోతుందన్నాడు. ఫార్మాట్ అంటే అన్నీ చెరిపెయ్యడమే కదా, నా గుండె ఆగినంత పనైంది. ఫోన్ చేతిలోంచి లాక్కున్నా. ఆంటీ, చెరిగేది పెన్ డ్రైవ్‌లోవి, ఫోన్లోవి కాదు అని వాడు ఎంత చెప్పినా నేను వినలేదు. వాడు చెప్పింది నిజమేనా? నిజమైతే వాడికి సారీ చెప్పాలి. ఆ మార్చిన ఫార్మాట్ మన టీవీ చదువుతుందా అన్నది ఇంకో అనుమానం. అది వాడికీ తెలియదట.

సరే, ఎక్కినవైనా చూద్దామని పెన్ డ్రైవ్ టీవీ వెనకాల గుచ్చాం. వాట్సాప్‌వి వచ్చాయి, కానీ మొహాలన్నీ పిండి పూసినట్టు అలికేసి ఉన్నాయి. ఫోన్లో చూస్తే బాగానే ఉన్నాయి మరి. హైలైట్స్ నొక్కితే ఇంకో వింత. నాదస్వరం ఖంగుమని వినిపిస్తోంది, తెర మాత్రం నల్లగా ఉంది. బొమ్మ లేదు! నానమ్మ ఆ నల్ల తెర వైపు చూస్తూ "కరెంటు పోయిందేమిటే పెళ్లిలో" అంది. ఇదే వీడియో నా ఫోన్లో చక్కగా వస్తోంది. వీడియో కొత్త రకం, టీవీ పాతది, బొమ్మ విప్పుకోలేకపోతోంది అన్నాడు ఆ కుర్రాడు. అలాగైతే దాన్ని టీవీకి అర్థమయ్యే రకంలోకి నువ్వు మార్చి పంపగలవా?

తర్వాత రెండో పద్ధతి, వైరు లేకుండా. రిమోట్‌లో Source నొక్కితే వరసగా HDMI 1, HDMI 2, USB, చివర్న Screen mirroring అని వస్తాయి. చివరిది నొక్కాం. ఫోన్లో పైనుంచి కిందకి లాగితే వచ్చే గళ్లలో Cast అని ఒకటి ఉంది, అదీ నొక్కాం. ఫోన్ చాలాసేపు వెతికి ఏమీ దొరకలేదంది. మళ్లీ చేశాం, మళ్లీ అంతే. మూడోసారి మీ మావయ్య రిమోట్ తీసుకుని తనకి తోచిందేదో నొక్కారు. టీవీ మెనూ మొత్తం తమిళంలోకి మారిపోయింది. దాన్ని వెనక్కి తేవడానికి అరగంట పట్టింది. ఇప్పుడు రిమోట్ నా దగ్గరే పెట్టుకుంటున్నా.

ఒక్కసారి మాత్రం కలిసింది. అదే కొంప ముంచింది. అప్పుడే పక్కింటావిడ వచ్చి కూర్చుని ఉంది. ఫోన్లో ఏముంటే అది టీవీలో కనపడుతుందని నాకేం తెలుసు? నేను వాట్సాప్ తెరిచి ఉంచా. అమ్ములుకి అంతకుముందే పెట్టిన మెసేజ్ టీవీలో ఇంతింత అక్షరాలతో: "పక్కింటావిడ వచ్చి గంటైంది, కదలట్లేదు." ఆవిడ చదివింది, నేనూ చదివాను. కాఫీ తాగకుండానే లేచి వెళ్లిపోయింది. ఇంకా మాట్లాడట్లేదు.

పైగా ఫోన్ నిలువుగా పట్టుకుంటే టీవీ మధ్యలో సన్నగా ఒక పట్టీలా వచ్చింది. అడ్డంగా తిప్పినా అంతే. రెండు నిమిషాలు ఆగి ఆగి నడిచి, దానంతటదే తెగిపోయింది. తలంబ్రాలు పోస్తుంటే చేతులు ముందు కదిలాయి, బియ్యం తీరిగ్గా తర్వాత రాలాయి.

నాకు అర్థం కానిది ఇదీ. మొన్న సెలవులకి మీ అక్క కొడుకు వచ్చినప్పుడు, నా ఫోన్లో యూట్యూబ్ తెరిచి పైన ఉన్న చిన్న పెట్టె గుర్తు నొక్కాడు. మూలన అలల్లాగా గీతలుంటాయి చూడు, అది. వెంటనే అన్నమయ్య కీర్తన టీవీలో వచ్చేసింది. ఎక్కడా ఆగలేదు, ఫోన్ పక్కన పెట్టేసినా పాడుతూనే ఉంది, నా మెసేజ్‌లూ కనపడలేదు. అలా మన పెళ్లి వీడియోకి ఎందుకు రాదురా? వాట్సాప్‌లో ఆ గుర్తు ఎంత వెతికినా లేదు. ఫొటోల యాప్‌లో ఉంటుందన్నారు, అందులో ఎక్కడ నొక్కాలో నువ్వు ఫొటో తీసి, ఎర్ర గీత చుట్టి పంపు.

వైఫై సంగతి కూడా చూశాను, "రెండూ ఒకే వైఫైలో ఉన్నాయా అత్తా" అని అడుగుతావని తెలుసు. మన పెట్టెకి రెండు పేర్లు వస్తున్నాయి, ఒకదాని చివర 5G అని ఉంది. ఫోన్ దాంట్లో ఉంది. టీవీలో ఆ పేరే కనపడదు, రెండోదే వస్తోంది. ఒకే పెట్టె కదా అని వదిలేశా. తేడా అక్కడే ఉందంటావా? పెట్టె ముందు గదిలో ఉంది, హాల్లోకి గోడ అడ్డం. ఫోన్ ఒక్కోసారి వైఫై వదిలేసి సిమ్ నెట్‌లోకి వెళ్లిపోతోంది కూడా.

బజార్లో షాపు అబ్బాయిని అడిగాను. ఫోన్‌కీ టీవీకీ మధ్య వైరు వేస్తే నెట్ గోల ఉండదన్నాడు, కానీ అన్ని ఫోన్ల నుంచీ ఆ వైరులో బొమ్మ రాదు, మీ ఫోన్‌కి వస్తుందో లేదో కనుక్కుని రండి అన్నాడు. మంచివాడు, అంటగట్టలేదు. నా ఫోన్‌కి వస్తుందా? వస్తుందంటే రేపే కొనేస్తా.

అన్నీ యూట్యూబ్‌లో పెట్టేస్తే గొడవే లేదని మీ అక్క అంటోంది. లింకు ఉన్నవాళ్లకే కనపడేట్టు పెట్టొచ్చట. నాకు మనసు ఒప్పట్లేదు. పిల్ల ఒంటి మీద నగలున్నాయి, చిన్న పిల్లలున్నారు. ఆ లింకు ఎవరో ఒకరు ఫ్యామిలీ గ్రూపులో పెడతారు, అక్కడ 140 మంది. తప్పదంటే ఆ ఒక్క గంప ముక్క వరకు పెట్టు, చూడ్డం అయ్యాక తీసెయ్యి.

ఇంకోటి, నా ఫోన్ నువ్వక్కడి నుంచి నడిపించే యాప్ ఏదో వేసుకోమని ఆమధ్య అన్నావు. అది వద్దురా. అలాంటివి వేయించే జనం డబ్బులు లాగేస్తున్నారని బ్యాంకులో గట్టిగా చెప్పారు. నువ్వు వేరే అనుకో, కానీ అలవాటైతే రేపు ఎవడో చెప్పినా వేసేస్తా. వాట్సాప్ వీడియో కాల్‌లోనే నా తెర నీకు చూపించొచ్చట కదా, అలా చేద్దాం. ముందు మెసేజ్‌లు మూసేసి కూర్చుంటాలే.

మూడు పెద్ద వీడియోలూ కుదరకపోయినా ఫరవాలేదు. మొదటి దాంట్లో గంట దాటాక గంప వస్తుంది. మీ నాన్న నడుం పట్టుకుని, ఓ పక్క నువ్వు ఎత్తుతూ, అమ్ములు నవ్వాపుకోలేక కొబ్బరి బోండాం గట్టిగా పట్టుకుని. అది, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు. ఇవి పెద్దగా, ఆగకుండా వస్తే చాలు. అప్పగింతలు వద్దు, అవి చూస్తే ముగ్గురూ ఏడుస్తారు, ఆవిడకి బీపీ.

మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు నానమ్మ పడుకుంటుంది, అప్పుడు కాల్ చెయ్యకు. రాత్రి 9 దాటాక చెయ్యి, నేను టీవీ ముందే ఉంటా, రిమోట్ నా చేతిలోనే ఉంటుంది. మీ మావయ్యని ముందే పడుకోబెడతా.