తగ్గించి చెల్లించిన ప్యాకేజీ మొత్తంపై అభ్యంతరం: క్లెయిమ్ నంబరు 25/09/41877

మెడికల్ సూపరింటెండెంట్ కార్యాలయం,
పొగతోట, నెల్లూరు.
తేదీ: 03-11-2025

క్లెయిముల విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

కోవూరుకు చెందిన 54 ఏళ్ల మహిళ మా ఆసుపత్రిలో 08-09-2025 నుంచి 16-09-2025 వరకు క్యాష్‌లెస్ కింద చికిత్స పొందారు. ఒప్పంద రేట్ల ప్రకారం మేము పంపిన తుది బిల్లు రూ.1,28,970. మీ 24-10-2025 నాటి సెటిల్‌మెంట్ లేఖలో రూ.75,150 మాత్రమే ఆమోదించారు. అందులో టీడీఎస్ రూ.7,515 పోను రూ.67,635 మా ఖాతాలో జమైంది. టీడీఎస్ గురించి మాకు పేచీ లేదు. కోసేసిన రూ.53,820 గురించే ఈ లేఖ.

అన్నింటికంటే ముఖ్యమైనది ఈఆర్‌సీపీ కోత. దీన్ని 'అదే సిట్టింగ్‌లో రెండో ప్రొసీజర్'గా లెక్కగట్టి రూ.36,000కు బదులు రూ.18,000 ఇచ్చారు. ఈఆర్‌సీపీ, పిత్తాశయం తొలగించే ఆపరేషన్ ఒకే సిట్టింగ్‌లో జరగలేదు. పేషెంటు కామెర్లతో, జ్వరంతో చేరారు, బిలిరుబిన్ 6.8. ఎంఆర్‌సీపీలో పైత్యనాళం కింది భాగంలో 8 మి.మీ. రాయి కనిపించింది. దాన్ని తీయకుండా పిత్తాశయం ఒక్కటే తొలగిస్తే నాళంలో అడ్డు అలాగే ఉండిపోతుంది. అందుకే 09-09-2025న గ్యాస్ట్రోఎంటరాలజిస్టు ఎండోస్కోపీ గదిలో మత్తు ఇచ్చి రాయి తీసి, స్టెంట్ వేశారు. ల్యాపరోస్కోపిక్ కోలిసిస్టెక్టమీని 13-09-2025న సర్జన్ ఆపరేషన్ థియేటర్‌లో జనరల్ అనస్థీషియా కింద చేశారు. మధ్యలో నాలుగు రోజుల తేడా ఉంది. అనస్థీషియా రికార్డులు రెండు, అంగీకార పత్రాలు రెండు. ఒప్పందం షెడ్యూల్-2, 6వ నిబంధన ప్రకారం సగం రేటు ఒకే సిట్టింగ్‌లో చేసిన రెండో ప్రొసీజర్‌కే. వేర్వేరు రోజుల్లో చేస్తే దేనికది పూర్తి ప్యాకేజీ.

రెండోది, అదనపు రోజులు. ఈఆర్‌సీపీ ప్యాకేజీలో ఒక రోజు, కోలిసిస్టెక్టమీ ప్యాకేజీలో మూడు రోజులు కలిసి ఉన్నాయి. మొత్తం ఎనిమిది రోజుల్లో మిగిలిన నాలుగు (సెప్టెంబర్ 8, 10, 11, 12) ప్యాకేజీల బయటివి. 'ఆపరేషన్ ఆలస్యానికి కారణం లేదు' అని మీ పరిశీలకులు రాశారు. కారణం కేస్‌షీట్ 14వ పేజీలోనే ఉంది. 10వ తేదీ ఉదయం పై కడుపులో తీవ్రమైన నొప్పి, అమైలేజ్ 486 (ల్యాబ్ గరిష్ఠ పరిమితి 100). ఈఆర్‌సీపీ తర్వాత కొందరిలో వచ్చే పాంక్రియాటైటిస్ ఇది. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా సెలైన్లు, నొప్పి మందులతో చూసుకున్నాం. 12న అమైలేజ్ 132కు, బిలిరుబిన్ 1.9కు దిగాకే సర్జన్ ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారు. వాపు ఉండగానే కత్తి పెట్టడం పేషెంటుకు ప్రమాదం; ఆ తొందర మేము పడం. ఈ పొడిగింపును 12-09-2025న మీరే రూ.1,25,000 వరకు ముందస్తు అనుమతి పెంచుతూ ఆమోదించారు. ఆ లేఖా జతచేశాం.

అదనపు రోజుల గది, నర్సింగ్ రోజుకు రూ.3,400 చొప్పున రూ.13,600, ఆ రోజుల మందులు, ల్యాబ్ రూ.14,200. ఒప్పందం మేరకు 10% తగ్గింపు మేమే ఇచ్చి రూ.25,020 వేశాం. మీరు మొత్తం తీసేశారు.

స్టెంట్ రూ.3,200ను 'కన్సూమబుల్' అని కొట్టేశారు. డిశ్చార్జి నాటికి అది పేషెంటు శరీరంలోనే ఉంది. షెడ్యూల్-2లో ఈఆర్‌సీపీ వరుస ఎదురుగానే 'స్టెంట్ ఇన్‌వాయిస్ ధరకు అదనం' అని ఉంది.

చివరిది: రెండు ప్యాకేజీలపైనా మళ్లీ 10% కోసి రూ.7,600 తగ్గించారు. ప్యాకేజీ రేట్లు తగ్గింపు పోగానే నిర్ణయించినవి. 9వ నిబంధన ప్రకారం తగ్గింపు ప్యాకేజీయేతర బిల్లుకే వర్తిస్తుంది. ఇది ఒక్క క్లెయిమ్‌తో పోయేది కాదు. మీ సిస్టమ్‌లో మా రేట్లు ఎలా నమోదయ్యాయో దయచేసి సరిచూడండి.

రావలసిన మొత్తం: ఈఆర్‌సీపీ 18,000 + అదనపు రోజులు 25,020 + స్టెంట్ 3,200 + ప్యాకేజీ తగ్గింపు 7,600 = రూ.53,820.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో ఆ మొత్తం చెల్లించండి. ఏదైనా కోతను కొనసాగిస్తే ఒప్పందంలోని ఏ నిబంధన కింద కొనసాగించారో, ఏ స్పెషాలిటీ డాక్టర్ పరిశీలించారో వరుసవారీగా రాతపూర్వకంగా ఇవ్వండి. 'ప్యాకేజీ ప్రకారం' అన్న ఒక్క మాట సరిపోదు. గడువు దాటితే 14వ నిబంధన కింద ఉమ్మడి పరిశీలన సమావేశం కోరతాం. తేడా డబ్బు పేషెంటు కుటుంబం నుంచి పైసా వసూలు చేయలేదు, చేయబోము.

జతచేసినవి:
1. పేషెంటు పేరు, పాలసీ వివరాలు, ముందస్తు అనుమతి లేఖలు (రెండూ)
2. ఇరుపక్షాల సంతకాలున్న ఒప్పందం, షెడ్యూల్-2 రేట్ల పట్టిక
3. వరుసవారీ తుది బిల్లు, మీ సెటిల్‌మెంట్ లేఖ
4. కేస్‌షీట్, రోజువారీ నోట్స్, నర్సుల చార్టులు
5. ఎంఆర్‌సీపీ, ఈఆర్‌సీపీ రిపోర్టులు, ఆపరేషన్ నోట్స్, అనస్థీషియా రికార్డులు, ల్యాబ్ రిపోర్టులు
6. స్టెంట్ ఇన్‌వాయిస్, లాట్ నంబరున్న స్టిక్కర్
7. డిశ్చార్జి సమ్మరీ

ఇట్లు,
మెడికల్ సూపరింటెండెంట్
(సంతకం, ఆసుపత్రి ముద్ర)

ప్రతి: బీమా కంపెనీ ఫిర్యాదుల పరిష్కార విభాగానికి