ఆవకాయ ఆలస్యం గురించి మా ఖాతాదారులకు

నల్లకుంట, హైదరాబాద్
జూన్ 18

ఆర్డరు ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం.

ఈ నెల మొదట్లో ఆవకాయ, మాగాయ, సున్నుండలు ఆర్డరు చేసినవారిలో 143 మందికి సరుకు సమయానికి చేరలేదు. డబ్బు ముందే తీసుకున్నాం కాబట్టి, ఎందుకిలా జరిగిందో చెప్పాల్సిన బాధ్యత నాది.

పదకొండేళ్లుగా మీ ఆర్డర్లన్నీ పొడుగు నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. జూన్ 2న కొట్టుకు సెలవు కదా అని ఆ రోజే కంప్యూటర్ పద్ధతికి మారాం. పాత చిరునామాలన్నీ మా అబ్బాయి ఒక్క రాత్రి కూర్చుని ఎక్కించాడు. మన ఊరి ఇంటి నంబర్ల సంగతి మీకు తెలిసిందే, 3-4-12 అన్నట్టు ఉంటాయి. కంప్యూటర్ వాటిని తేదీలనుకుంది! 3-4-12 కాస్తా 2012 ఏప్రిల్ మూడో తారీఖైపోయింది. ఆ చీటీలు పట్టుకుని డెలివరీ కుర్రవాళ్లు గల్లీలన్నీ తిరిగి, ప్యాకెట్లు వెనక్కి తెచ్చారు. బై నంబరున్న ఇళ్లకు, అపార్ట్‌మెంట్లకు మాత్రం సరుకు సలక్షణంగా చేరింది. అందుకే అసలు లోపం ఎక్కడుందో కనిపెట్టడానికి మాకు తొమ్మిది రోజులు పట్టింది.

ఈలోగా చీటీ అచ్చయిన ప్రతిసారీ ‘మీ సరుకు బయలుదేరింది’ అని మీ ఫోన్లకు సందేశాలు వెళ్లాయి. రాంనగర్ నుంచి ఒక పెద్దాయన ఎండలో కొట్టుదాకా వచ్చి, ఫోను చూపించి, “బయలుదేరింది సరే, ఎక్కడికమ్మా?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మంచినీళ్లిచ్చి, ఆయన సీసా ఆయన చేతికే ఇచ్చి పంపాను.

తప్పు అబ్బాయిది కాదు, నాది. ఆవకాయ రోజుల్లో ఎవరైనా లెక్కల పద్ధతి మారుస్తారా? కనీసం పది చీటీలు పుస్తకంతో పోల్చి చూసుకోవాల్సింది.

ఇప్పుడు ప్రతి చిరునామా పుస్తకంలో చూసి సరిదిద్దాం. 90 మందికి సరుకు అందింది. మిగిలిన 53 ప్యాకెట్లు జూన్ 21 లోపు చేరతాయి. తిరిగొచ్చిన సున్నుండలు మళ్లీ పంపడం లేదు, కొత్తగా చుట్టినవే వస్తాయి. నూనె కారిన సీసాలూ మార్చాం. ఈ 143 మందికీ డెలివరీ ఖర్చు వెనక్కి ఇస్తున్నాం. ఇక సరుకు వద్దనుకుంటే ఒక్క మాట చెప్పండి, ఆ రోజే మొత్తం డబ్బు పంపిస్తాను. అలిగినా అర్థం చేసుకోగలను.

ఒక్క సాయం చేయండి. ఈసారి వచ్చే సందేశంలో మీ ఇంటి నంబరు సరిగ్గా ఉందో లేదో చూసి, తేడా ఉంటే వెంటనే ఫోను చేయండి. పాత నంబరే. ఉదయం పది నుంచి రాత్రి ఎనిమిది దాకా నేనే ఎత్తుతాను. దీపావళి దాకా నోటు పుస్తకం కూడా కంప్యూటర్ పక్కనే ఉంటుంది.

ఇట్లు,
మీ నల్లకుంట పచ్చళ్ల పిన్ని