అంటు కట్టిన చోటు

నల్లగొండలో నారాయణాద్రి ఆగేది కాసేపే. బత్తాయిల సంచి పైకెత్తలేక ఎల్లయ్య తలుపు కాడ తడబడుతుంటే లోపలి నుంచి ఒక చెయ్యి దాన్ని అందుకుంది.

"నమస్తే కాకా. యాడికి?"

"తిరుపతికి. నువ్వు బిడ్డా?"

"నేనూ ఆడికే. మాది కల్వకుర్తి దిక్కు. పేరు శ్రీను."

ఎదురెదురు సీట్లే. అయినా ఇద్దరూ కిటికీలోంచి చీకటినే చూస్తూ కూర్చున్నారు. మిర్యాలగూడ దాటినంక ఎల్లయ్య ఒక కాయ ఒలిచి సగం ఇచ్చాడు. కత్తెర కాయ, రసం బాగుంది. శ్రీను దాన్ని నోట్లో పెట్టుకోలేదు.

"మేమూ మూడెకరాలు పెట్టినం కాకా. నాలుగో ఏడు. మొదళ్ల కాడ బంక కారుతున్నది. పది చెట్లు ఎండిపోయినయి."

ఎల్లయ్య అద్దాలు పెట్టుకుని ఫోన్‌లో ఫొటోను వేళ్లతో పెద్దగా చేశాడు. బెరడు పగిలి, తేనె రంగు బంక బొట్లుబొట్లుగా గడ్డకట్టి ఉంది.

"అంటు కట్టిన చోటేది?"

"మట్టిల ఉన్నది. గాలికి పడొద్దని లోతుగ పెట్టిన."

"గదే కొంప ముంచింది. కింద రంగపూర్ నిమ్మ వేరు కొంత ఓర్చుకుంటది, పైనున్న బత్తాయి బెరడు తడికి ఓర్వదు. అంటు నేలకు ఆరంగుళాలన్న పైనుండాలె. ముందు మట్టి తియ్యి. నీళ్లు మొదలుకు తగలకుండ చుట్టూ కట్ట వేసి, దాని బయట పాదు చెయ్యి."

రైలు కృష్ణ వంతెన మీద దడదడలాడింది. ఇద్దరూ దండం పెట్టుకున్నారు. శ్రీను సద్ది విప్పాడు: సజ్జ రొట్టెలు, పల్లీల తొక్కు. ఎల్లయ్య తింటూనే పేపరు అంచు మీద రాయించాడు.

కుళ్లిన బెరడు కత్తితో చెక్కాలి. కిలో మైలుతుత్తం ఐదు లీటర్ల నీళ్లలో, కిలో సున్నం ఇంకో ఐదు లీటర్లలో విడివిడిగా కలపాలి. ప్లాస్టిక్ బకెట్లే వాడాలి, ఇనుము పనికిరాదు. తర్వాత రెండూ కలిపి మొదలుకు రెండు మూడడుగుల ఎత్తు దాకా పూయాలి. ఏ రోజు కలిపింది ఆ రోజే అయిపోవాలి.

"పూసే ముందు ఇనుప కత్తి ముంచి చూడు. ఎర్రగ పడితే తుత్తం ఎక్కువైనట్టు, ఇంకింత సున్నం పొయ్యి. అట్లనే పూస్తే బెరడు మాడుతది."

శ్రీను ఆ కాగితాన్ని టికెట్‌తో పాటు మడిచి జేబులో పెట్టుకున్నాడు. గూడూరు దాకా ఇద్దరికీ నిద్ర లేదు. మాటలు తోటలోంచి ఇంట్లోకి, బిడ్డల చదువుల్లోకి పోయాయి. తెల్లారి తిరుపతిలో దిగేటప్పుడు సంచి శ్రీను భుజం మీదే ఉంది.

పది రోజులకు ఫోనొచ్చింది.

"కాకా, కత్తికి ఎర్రగ పడుతున్నది. సున్నం ఎంత పోసినా పోతలేదు."

"సున్నం పాతదై పొడిపొడిగున్నదా?"

"అవును కాకా."

"చచ్చిన సున్నం అది. తాజాగ కాల్చింది తే. ఆదివారం దాక ఆగు, నేనే వస్త. దేవరకొండల బస్సు మారాలె కదా?"

"నేనే దేవరకొండకు బండేసుకొస్త కాకా. అమ్మ రొట్టెలు చేస్తనంటున్నది."